మన అప్పుతచ్చులు మనకెందుకు దొరకవు

పై శీర్షికలో రెండో మాటను ఇంకోసారి చూడండి. "అచ్చుతప్పులు" అని చదువుకుని ముందుకొచ్చేసినవాళ్లు కొందరైనా ఉంటారు. ఇది ప్రెస్సుల్లో పాత జోకే. కానీ ప్రూఫులు దిద్దడంలో ఉన్న చిక్కంతా ఆ ఒక్క మాటలో కనిపిస్తుంది. చదివేటప్పుడు మన కన్ను అక్షరం అక్షరం వెంట నడవదు, గెంతుతుంది. ఒక చోట సుమారు పావు సెకను ఆగి, కొన్ని అక్షరాలను ఒకేసారి పట్టుకుని, మళ్లీ గెంతుతుంది. మధ్యలో జారిపోయిన వాటిని బుర్ర ఊహతో పూరిస్తుంది. తెలిసిన మాటైతే ఆ పని ఇంకా తేలిక.

ఎదుటివాళ్ల రాతలో ఈ ఊహకు హద్దుంటుంది, ఎందుకంటే తర్వాత ఏం రాబోతోందో మనకు తెలీదు. సొంత రాతలో అంతా ముందే తెలుసు. కాగితం మీద ఏముందన్నది పక్కకు పోయి, మనం ఏం రాద్దామనుకున్నామో అదే కనిపిస్తుంది. 1993లో డేన్‌మన్, స్టెయింటన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. అప్పుడే రాసిన సొంత వ్యాసంలో తప్పులు పట్టడం ఇతరుల వ్యాసంలో పట్టడం కంటే కష్టమైంది. రెండు వారాలు ఆగి చూస్తే ఆ ఇబ్బంది తగ్గింది. మనలో చాలామందికి రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా చేతిలో ఉండవు. పైకి చదవడం, రూపం మార్చి చూడడం, సొంత తప్పుల జాబితా పెట్టుకోవడం అన్నవి ఆ లేని రెండు వారాలకు బదులు వాడుకునే ఉపాయాలు.

అయితే ఈ మూడూ ఒకే పని చేస్తాయని, ఏదో ఒకటి చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిజానికి ఒక్కోదానికి ఒక్కో రకం తప్పు దొరుకుతుంది, ఇంకో రకం అసలు కనబడదు. ముఖ్యంగా తెలుగులో పైకి చదివినా దొరకని తప్పులు బోలెడు. ఇది మాటల్లో చెబితే తేలేది కాదు కాబట్టి, నేను ఒక పాఠకుల సంఘం కోసం రాసిన చిన్న ప్రకటనను ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను. రాయడం అయ్యాక రెండుసార్లు మనసులో చదువుకుని, బాగానే ఉందనుకున్న ప్రతి ఇది.

> గత ఆదివారం జరిగిన సమావేశంలో సభ్యులందరూ చర్చించి, పాతవారికి చెల్లింపులో వెసులుబాటు ఇవ్వాలని, విధ్యార్థులకు సగం రుసుము చాలని, ఈ మార్పులు వచ్చే నెల నుంచి అమలు చేయాలని నిర్ణయించింది. దీనికోసం కొత్త దరఖాస్తు ఫారాలు సిద్ధం చేశాం. అవి మన కార్యాలయంలొ దొరుకుతాయి. వాటిని పరిశీలిచే భాద్యత కార్యదర్శిది. వచ్చే నెల 15, సోమవారం ఆఖరు తేదీ. గడువు దాటాక వచ్చిన దరఖాస్తులను పరిశీలిస్తాం.

ఇందులో ఏడు తప్పులున్నాయి. కిందికి వెళ్లేముందు మీరూ ఒకసారి వెతికి చూడండి. మీకు నాకంటే ఎక్కువే దొరుకుతాయి, ఎందుకంటే ఇది మీరు రాసింది కాదు.

నోటికి దొరికింది ఒకటే

పైకి చదివినప్పుడు నాకు ముందుగా దొరికింది మొదటి వాక్యం. "సభ్యులందరూ" అని మొదలై "నిర్ణయించింది" దగ్గర నోరు ఆగిపోయింది. తెలుగులో క్రియ చివర వస్తుంది. కర్తకూ క్రియకూ మధ్య నాలుగైదు "అని"లు చేరితే, క్రియ దగ్గరకు వచ్చేసరికి కర్త ఎవరో కంటికి గుర్తుండదు. అదే పైకి చదివితే ఒక్క గుక్కలో మొదలూ చివరా చెవిలో పక్కపక్కన పడతాయి. "ఆయన" అని మొదలెట్టి "అన్నాడు" అని ముగించడం, ఒకే పేరాలో "చేశారు", "చేసిరి" కలిసిపోవడం, ఒకే మాట రెండు వాక్యాల్లో వరసగా రావడం, వాక్యంలో ఒక మాట ఎగిరిపోవడం వంటివన్నీ చెవికి దొరికే తప్పులు. గుక్క చాలకపోతే ఆ వాక్యాన్ని రెండుగా విరవాలని కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. పైకి చదువుతున్నామనుకుంటూ రెండో పేరాకల్లా గొణుగుడులోకి దిగిపోతాం. గొణుగుతున్నప్పుడు నోరు కన్నుకు తోకలా నడుస్తుంది, కన్ను ఏది ఊహిస్తే అదే పలుకుతుంది. దీనికి నేను చేసే పని సులువే. పక్క గదిలో ఉన్నవాళ్లకు వినబడేంత గొంతుతో చదువుతాను. చదువుతున్న లైను కింద ఒక కార్డు పెట్టి, కింది లైను కనబడకుండా చేస్తాను. ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిలుతో ఒక గీత పెట్టి ముందుకు పోతాను, అప్పటికప్పుడు దిద్దను. దిద్దడానికి ఆగితే చెవి మళ్లీ రాసేవాడి చెవి అయిపోతుంది. గీతలన్నీ పెట్టడం అయ్యాక వెనక్కి వచ్చి చూస్తే, నోరు ఎందుకు తడబడిందో సగం చోట్ల వెంటనే తెలుస్తుంది. మిగిలిన సగంలో తప్పేమీ ఉండదు, వాక్యం మాత్రం వికారంగా ఉంటుంది.

ఇంత చేసినా ఆ ప్రకటనలో నా నోటికి దొరికింది ఒక్క తప్పే. "పరిశీలిచే" దగ్గర సున్న లేదు, కానీ నోరు "పరిశీలించే" అనే పలికింది. చిన్ననాటి నుంచీ పలుకుతున్న మాట కదా, అలవాటుగా వచ్చేసింది. "కార్యాలయంలొ"లో ఒకారం పొట్టిగా పడింది, నోరు దాన్ని సాగదీసి చదివింది. ఇవి నోరు దిద్దుకుంటూ పోయిన తప్పులు. "భాద్యత", "విధ్యార్థులు" అంతకంటే మొండివి. మాట్లాడేటప్పుడు మనలో చాలామంది ఒత్తక్షరాలను తేడా తెలిసేలా పలకం. బాధ, భాద, బాద మూడూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. శ, ష, స మధ్య తేడా కూడా కొందరి నోట్లో మాయమవుతుంది. నోట్లో లేని తేడాను చెవి ఎక్కణ్ణుంచి తెస్తుంది? పైకి చదవడం గురించి వచ్చే సలహాలు చాలావరకు వేరే భాషల వాళ్ల అనుభవం నుంచి వచ్చినవి. వాటిలో ఈ సంగతి ఉండదు.

ఆఖరి వాక్యం వేరే కథ. "గడువు దాటాక వచ్చిన దరఖాస్తులను పరిశీలిస్తాం." నేను దీన్ని ఉన్నదున్నట్టే చదివాను, వ్యాకరణం బాగానే ఉంది, తడబాటు లేదు. అర్థం మాత్రం తలకిందులైంది. మొదట "గడువులోగా వచ్చిన దరఖాస్తులనే పరిశీలిస్తాం" అని రాశాను. గట్టిగా చెబుదామని ముందు సగం మార్చి, వెనక సగం "పరిశీలించం" అని మార్చడం మరిచిపోయాను. మొదటి వాక్యంలోనూ జరిగింది ఇదే. అక్కడ ముందు "సర్వసభ్య సమావేశం నిర్ణయించింది" అని ఉండేది. వీటిని నేను అతుకు తప్పులంటాను. ఇవి రాసేటప్పుడు పుట్టవు, దిద్దేటప్పుడు పుడతాయి. అందుకే ఎన్నిసార్లు దిద్దితే అన్ని కొత్తవి చేరే ప్రమాదం ఉంటుంది.

ఆ ఆఖరి వాక్యాన్ని పట్టిచ్చింది ఫోన్. తెరమీది రాతను చదివి వినిపించే టెక్స్ట్-టు-స్పీచ్ సౌకర్యం తెలుగులోనూ ఉంది. దాని గొంతు మరీ బాగుండదు. భావం లేకుండా ఒకే స్థాయిలో చదువుకుంటూ పోతుంది. ఇక్కడ కావలసిందీ అదే. మనం ఏం రాద్దామనుకున్నామో దానికి తెలీదు కాబట్టి ఉన్నదే చదువుతుంది. కళ్లు మూసుకుని వింటే, "గడువు దాటాక వచ్చినవి పరిశీలిస్తాం" అని ఎవరో మన తరఫున మాట ఇచ్చేస్తున్నట్టు వినిపించి ఉలిక్కిపడ్డాను. ప్రెస్సుల్లో ఈ ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. ఒకరు రాతప్రతిని కామాలు, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతుంటే, ఇంకొకరు ప్రూఫు మీద కన్ను వేసి ఉంచేవారు. ఒంటరిగా రాసుకునేవాళ్లకు ఆ చదివే మనిషి స్థానంలో ఇప్పుడు ఫోన్ ఉంది. "ముందు నేను చదవడం, తర్వాత అది చదవడం" అన్న వరస మాత్రం మార్చకండి. వికారమైన వాక్యాన్ని యంత్రం ఇబ్బంది పడకుండా చదివేస్తుంది. అక్కడ తడబడాలంటే మనిషి నోరే కావాలి.

కొత్త బట్టలు వేసిన పాత రాత

ఏడింటిలో రెండు పోయాయి, ఐదు మిగిలాయి. తర్వాతి పని రూపం మార్చడం. దీని వెనక ఉన్న లాజిక్ చిన్నదే. ఒక పేజీని పదిసార్లు చూశాక ఏ మాట ఏ మూల ఉందో కంటికి అలవాటైపోతుంది, ఇక చదవడం మానేసి గుర్తుపట్టడం మొదలుపెడుతుంది. లైన్లు వేరే చోట విరిగితే ఆ అలవాటు చెడుతుంది. కాబట్టి ఫాంటు ఒక్కటే మారిస్తే చాలదు, లైను వెడల్పు కూడా మారాలి. కంప్యూటర్లో రాసింది ఫోన్‌లో చూడడం, ఒక కాలమ్‌ను సగానికి కుదించడం, కాగితం మీద ప్రింటు తీయడం, వీటన్నిటిలోనూ అసలు పని చేసేది లైను విరుపే. "కూడా కూడా" అని రెండుసార్లు పడిన మాట, ఒకటి లైను చివర, ఇంకోటి తర్వాతి లైను మొదట ఉన్నంతకాలం దాక్కుంటుంది. వెడల్పు మార్చగానే పక్కపక్కన వచ్చి నిలబడుతుంది.

తెలుగుకు ఇంకో అవసరం ఉంది, అది సైజు. ద, ధ మధ్య తేడా అడుగున ఉన్న ఒక చిన్న గీత. ప, ఫ మధ్య కూడా అంతే. లొ, లో మధ్య తేడా ఒక చిన్న మెలిక. తెరమీద మామూలు సైజులో ఇవి నాలుగైదు చుక్కల వ్యవహారం. నేను రాసే సైజుకు రెట్టింపు పెట్టి, లైన్ల మధ్య ఖాళీ పెంచి, ఒత్తులు కింది లైనులో ఇరుక్కోకుండా చూసుకుంటాను. ప్రకటన అలా పెద్దగా చేసి చూడగానే "కార్యాలయంలొ" బయటపడింది. "పరిశీలిచే" మాత్రం మూడో చూపుకు గానీ దొరకలేదు. లేనిదాన్ని చూడడం ఉన్నదాన్ని చూడడం కంటే ఎప్పుడూ కష్టమే.

ఫాంటు ఎంపికలో జాగ్రత్త అవసరం. రాసేటప్పుడు సన్న గీతల ఫాంటు వాడితే, చూసేటప్పుడు మండలి లాంటి నిండైన, స్పష్టమైన అచ్చు ఫాంటుకు మారడం మంచిది. శీర్షికల కోసం చేసిన లావుపాటి, అలంకారపు ఫాంట్లు ఈ పనికి పనికిరావు, వాటిలో గుడులు, ఒత్తులు కలిసిపోతాయి. ఇంకో సంగతి, రూపం మార్చడం ఒక్కసారి మాత్రమే పని చేసే మందు. రెండోసారి అదే ఫాంటులో చూస్తే అదీ పాతబడుతుంది. అందుకే పెద్ద మార్పులన్నీ అయిపోయేదాకా దాన్ని దాచుకోవాలి. పేరాలు అటూ ఇటూ జరుపుతూనే ప్రింటు తీస్తే కాగితం దండగ, కొత్త చూపు కూడా దండగ.

అచ్చుకు వెళ్లే రాతైతే ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. యూనికోడ్‌లో దిద్దిన రాతను కొన్ని చోట్ల పాత డీటీపీ ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పిడిలోనే కొన్ని సంయుక్తాక్షరాలు చెదిరిపోతాయి. మీరు ఎంత శ్రద్ధగా చూసి పంపినా ఆ తప్పులు మీ తర్వాత పుట్టినవి. పేజీ రూపంలో చివరి ప్రూఫు అడిగి తెప్పించుకోకపోతే వాటి సంగతి పుస్తకం చేతికొచ్చాకే తెలుస్తుంది.

జాబితా ఎందుకు, ఎలా

పెద్ద అక్షరాల్లో చూసినా "విధ్యార్థులు", "భాద్యత" నా కంటికి ఆనలేదు. ధ కింద గీత స్పష్టంగానే కనబడింది. అది అక్కడ ఉండకూడదని నాకు అనిపించలేదు, అంతే. ధ్యాస తప్పి పడినవీ, అతుకు తప్పులూ ఎప్పటికైనా దొరుకుతాయి, ఎందుకంటే సరైనదేదో మనకు తెలుసు. మూడో రకం అలా కాదు. అవి మనం ఒప్పనుకుని రాసే తప్పులు. నేను ఏళ్ల తరబడి "ఉచ్ఛారణ" అని రాశాను. ఎవరో దిద్దితే నిఘంటువు తీసి చూశాను. "ఉచ్చారణ" అని ఉంది. అంతకుముందు వందసార్లు పైకి చదివినా, గోడంత ప్రింటు తీసినా నాకది దొరికేది కాదు. సొంత తప్పుల జాబితా ఉన్నది ముఖ్యంగా ఈ రకం కోసమే.

కాబట్టి జాబితాను మన బుర్రలోంచి రాయకూడదు. ఇంటర్నెట్‌లో దొరికే "వంద సాధారణ దోషాలు" లాంటివీ వద్దు, వాటిలో తొంభై మీరు చేయనివే ఉంటాయి. వేరేవాళ్లు దిద్ది పంపిన మీ పాత రాతలు ఐదారు ముందు పెట్టుకోండి. దిద్దిన ప్రతి చోటూ రాసుకుని, రెండుసార్లకు మించి వచ్చినవి మాత్రం ఉంచండి. ప్రతిదానికీ తప్పు రూపం, ఒప్పు రూపం, ఎలా వెతకాలి అన్న మూడూ రాయండి. కారణం తెలిస్తే అదీ రాయండి. నా విషయంలో ఒత్తు తప్పులు చాలావరకు టైపింగ్ అలవాటు నుంచి వచ్చాయి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతిలో ఒత్తు పడాలంటే `h` కొట్టాలి. ఆ `h` ఒక అక్షరం ముందుకో వెనక్కో జరిగితే `baadha` కాస్తా `bhaada` అవుతుంది, బాధ కాస్తా భాద అవుతుంది. తప్పును పదేపదే చూస్తూ ఉంటే కొన్నాళ్లకు అదే ఒప్పులా కనిపిస్తుంది.

జాబితాతో పని చేయడమంటే మళ్లీ చదవడం కాదు, వెతకడం. ఎడిటర్‌లో వెతుకు పెట్టె తెరిచి, తప్పు రూపంలోని చిన్న ముక్కను కొట్టాలి. నేను "భాద" అని కొడతాను, దాంతో భాద, భాద్యత రెండూ ఒకే వలలో పడతాయి. భాద్రపదం లాంటి మంచి మాట కూడా దొరుకుతుంది, దాన్ని వదిలేయాలి. "విధ్య" అని కొడితే విధ్యార్థి దొరుకుతాడు, దాంతోపాటు వైవిధ్యం కూడా. అందుకే "అన్నీ మార్చు" మీట నొక్కకూడదు. నొక్కితే వైవిధ్యం కాస్తా వైవిద్యం అయి కూర్చుంటుంది. అది ఎవరో పాఠకుడికి కనబడేదాకా మీకు కనబడదు.

కొన్ని జంటల్లో రెండు రూపాలూ ఒప్పే. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. ప్రదానం అంటే ఇవ్వడం, ప్రధానం అంటే ముఖ్యం. "పురస్కార ప్రధానం" అని రాస్తే స్పెల్‌చెకర్ కూడా ఏమీ అనదు, రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కదా. ఇలాంటివాటికి రెండు రూపాలనూ విడివిడిగా వెతికి, వచ్చిన ప్రతి చోటా ఆ వాక్యం అర్థం చూడాల్సిందే.

వెతుకు పెట్టెను గుడ్డిగా నమ్మకూడదని కూడా ఒక దెబ్బ తిన్నాకే తెలిసింది. కొన్ని ఎడిటర్లు సంయుక్తాక్షరం లోపలున్న అక్షరాన్ని విడిగా పట్టవు. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్యలో కంటికి కనబడని ఒక జోడు తెంచే గుర్తు ఉంటుంది, అది ఉన్న చోటా లేని చోటా ఒకే మాట రెండు వేర్వేరు మాటల్లా లెక్కలోకి వస్తుంది. కాబట్టి ముందు రాత చివర కావాలని ఆ తప్పును ఒకసారి కొట్టి, వెతుకు పెట్టె దాన్ని పట్టుకుంటోందో లేదో చూసుకోండి. "ఏమీ దొరకలేదు" అన్న జవాబును ఆ తర్వాతే నమ్మండి. కావాలని కొట్టిన తప్పును చెరిపేయడం మర్చిపోకండి, ఆ ఘనకార్యమూ నేను చేశాను.

జాబితా పది అంశాలు దాటితే ఎవరూ వాడరు. వరసగా ఐదు రాతల్లో ఒక్కసారీ రాని తప్పును నేను తీసేస్తాను, కొత్తది చేరుస్తాను. ఇప్పుడు నా దాంట్లో ఒత్తుల జంటలు ఐదున్నాయి. మాట చివర "లొ" ఒకటి. (మాట మొదట్లో లొ ఉంటే భయం లేదు, లొసుగు, లొంగు లాంటివి ఒప్పే.) మిగిలిన మూడూ వెతుకు పెట్టెకు దొరికేవి కావు, ఆగి చూసుకోవలసినవి. ఒకటి, సగం మార్చిన వాక్యాన్ని మొదటి నుంచి చివరి దాకా, దాని ముందు వెనక వాక్యాలతో కలిపి మళ్లీ చదివానా? రెండు, అవును-కాదు తేల్చే క్రియలన్నీ నేను చెప్పదలచిన వైపే ఉన్నాయా? ఇస్తాం-ఇవ్వం, చేయవచ్చు-చేయరాదు లాంటి చోట్ల తెలుగులో అర్థమంతా క్రియ తోకలో ఉంటుంది, ఒక్క అక్షరంతో తారుమారవుతుంది.

మూడో అంశం ఆ ప్రకటన పంపాకే జాబితాలో చేరింది. నోరు ఒకటి, ఫోన్ ఒకటి, పెద్ద అక్షరాలు రెండు, జాబితా రెండు కలిపి ఆరు తప్పులు పట్టి, నిశ్చింతగా పంపేశాను. మర్నాడు ఒక సభ్యురాలు ఫోన్ చేసి, "15 సోమవారం కాదండీ, మంగళవారం. ఏ రోజుకు రమ్మంటారు?" అని అడిగారు. "15, సోమవారం" అన్నది పైకి చదివినా, ఏ ఫాంటులో చూసినా ఏ లోపమూ లేని మాట. అది తప్పని చెప్పే ఆధారం ఆ కాగితంలో ఎక్కడా లేదు, గోడ మీది క్యాలెండర్‌లో ఉంది. తేదీ ఉన్న చోట వారం, మొత్తం ఉన్న చోట కూడిక, ఫోన్ నంబరు ఉన్న చోట ఒకసారి డయల్ చేసి చూడడం అని ఇప్పుడు జాబితా అడుగున రాసి ఉంది. ఈ ఒక్క అంశాన్ని మాత్రం ఐదు రాతల్లో రాకపోయినా తీసేయడం లేదు.